చీకటి సీన్‌లో తెర ఎందుకు మిణుకుతుంది?

గేమ్‌లో చీకటి గుహలోకి వెళ్లగానే తెర మిణుకుతోందా? గ్రాఫిక్స్ కార్డు పాడైందని కంగారు పడకండి. వేరియబుల్ రిఫ్రెష్ రేట్ ఆన్‌లో ఉంటే, గేమ్ వేగాన్ని బట్టి మానిటర్ తన వేగం మార్చుకుంటుంది. వేగం మారినప్పుడల్లా పిక్సెల్ వెలుగు కొద్దిగా తేడా వస్తుంది. ఓఎల్ఈడీ, వీఏ తెరల్లో ముదురు బూడిద రంగు దగ్గర అది కంటికి తెలిసిపోతుంది.

48 నుంచి 144 హెర్ట్జ్ మానిటర్‌నే తీసుకోండి. గేమ్ 50 ఫ్రేముల నుంచి 46కి పడితే, మానిటర్ ఒక్కో ఫ్రేమును రెండుసార్లు చూపిస్తూ 92 హెర్ట్జ్‌కు దూకుతుంది. మళ్లీ 50కి దిగుతుంది. ఆ ఊగిసలాటే మిణుకు.

ఆ సదుపాయం ఆపి అదే సీన్ చూడండి. మిణుకు పోతే కారణం అదే. అప్పుడు గ్రాఫిక్స్ నాణ్యత తగ్గించి, ఫ్రేములను 60 దగ్గర కట్టడి చేయండి. లోడింగ్ తెరల్లో మాత్రం కొంత మిగలొచ్చు.