ఎన్ని సెకన్లు వాడుకోవచ్చు?

ఏడు సెకన్లు దాటకపోతే కాపీరైట్ పడదని షార్ట్స్ చేసేవాళ్లలో ఒక నమ్మకం ఉంది. కొందరు పది అంటారు, కొందరు ముప్ఫై అంటారు. చట్టంలో మాత్రం అలాంటి అంకె ఏదీ లేదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం పరుల రచనను న్యాయంగా వాడుకోనిస్తుంది. ఏది న్యాయమో కోర్టులే తేల్చాలి. ఎంత తీసుకున్నారు, దానిపై ఎంత వ్యాఖ్యానించారు, ఎందుకు తీసుకున్నారు, అసలుదానికి పోటీ అవుతుందా అని 1996లో ఒక నాటకం కేసులో కేరళ హైకోర్టు చూసింది.

2017లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు తేల్చిన కేసు ఇంకా ఆసక్తికరం. ఈథన్, హీలా క్లైన్ అనే యూట్యూబ్ దంపతులు 5 నిమిషాల 24 సెకన్ల వీడియోలో 3 నిమిషాల 15 సెకన్లు వాడుకున్నారు. అంటే సగానికి పైనే. అయినా గెలిచారు. కాసేపు వేసి, ఆపి, దాన్ని చీల్చి చెండాడి, మళ్లీ వేశారు. వాళ్ల వీడియో చూస్తే అసలు వీడియో చూసినట్టు కాదు. అయితే రియాక్షన్ వీడియోలన్నీ ఇలాంటివి కావనీ, కొన్ని నలుగురూ కూర్చుని చూడటం లాంటివేననీ జడ్జి అదే తీర్పులో అన్నారు. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు గానీ, తర్కం పనికొస్తుంది.

ఒక నిమిషం షార్ట్ తీసుకుందాం. ఒక సినిమా ఫైట్‌లో దెబ్బ తగిలే క్షణం ఎక్కడా కనబడదని, ప్రతిసారీ సరిగ్గా అక్కడే కట్ పడుతోందని మీ వాదన. నలభై సెకన్ల ఫైటంతా వెనక నడిపిస్తూ మాట్లాడటం తేలిక. అలా కాకుండా ముందు స్క్రిప్టు రాసుకుని, చూపించకపోతే అర్థం కాని చోట్ల గీత పెట్టండి. రెండేసి సెకన్ల కట్లు మూడు తేలతాయి. ఒక్కోటి వేసి, ఫ్రేమ్ ఆపి, వేలు పెట్టి చూపిస్తే చాలు. బీజీఎం తీసేయండి, ఎడిటింగ్ గురించిన మాటకు దానితో పనిలేదు. తర్వాత మీ గొంతు మ్యూట్ చేసి చూడండి. అప్పుడూ ఫైట్ చూసిన తృప్తి కలిగితే ఎక్కువ వాడినట్టే. థియేటర్లో ఆడుతున్న సినిమా క్లైమాక్స్ మలుపైతే మూడు సెకన్లు కూడా ఎక్కువే కావచ్చు.

కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడిందా లేదా అన్నది దీనికి కొలత కాదు. అది బొమ్మను, పాటను పోల్చుతుందే తప్ప వ్యాఖ్యానం విలువ కట్టదు. దాన్ని తప్పించుకోవడానికి క్లిప్పును అద్దంలోలా తిప్పేవాళ్లున్నారు. న్యాయంగా వాడుకున్నవాడికి ఆ తిప్పలు దేనికి?

ఇంటర్వ్యూ క్లిప్పుల సంగతి వేరు. ‘రీమేకులు దండగ’ అన్న డైరెక్టరు వెంటనే ‘కానీ మంచి కథైతే నేనూ చేస్తా’ అన్నాడనుకోండి. మొదటి ముక్కతో ఆపేస్తే సెకన్లు తగ్గుతాయి, ఆయన మాట మారిపోతుంది. అక్కడ ఇంకో నాలుగు సెకన్లు ఎక్కువే వాడాలి.