దూడ ఏ వానకు పోయింది?

తిరుపతికి దగ్గర్లో, రామచంద్రాపురం మండలంలో ఉన్న రాయలచెరువు కట్ట కింది ఊళ్లలో 2021 నవంబర్ వానల గురించి అడిగితే ఎవరూ మొదటినుంచి చివరిదాకా వరసగా చెప్పరు. గుట్ట మీద తలదాచుకున్న రాత్రితో మొదలుపెడతారు, దీపావళికి వెళతారు, బురద ఎత్తిపోసిన రోజుకు వస్తారు, మళ్లీ వాన మొదలైన పూటకు పోతారు. ఆ మాటలు రికార్డు చేసుకున్నవాడికి ఇంటికొచ్చాక అసలు పని మొదలవుతుంది. ఏది ముందు, ఏది వెనక?

కింద ఇస్తున్నది ఒక ఫలానా మనిషి సాక్ష్యం కాదు. పని ఎలా చేయాలో చూపించడానికి, అక్కడ మాట్లాడే తీరులో కూర్చిన నమూనా. వానలు, చెరువు, ఎన్నికలు, పంచాంగం మాత్రం నిజంగా జరిగినవే. చెబుతున్నది కట్ట కింది ఊరి అవ్వ. ఎడమ పక్కనున్నది రికార్డింగులో ఆ మాట వచ్చిన నిమిషం, సెకను.

02:10 – "గుట్ట మీద దేవళంలో పడుకుంటిమి నాయనా, మూడు రేత్రులు. చెరువు కట్ట కారతా ఉందని మైకులో చెప్పినాక పోతిమి."

04:35 – "అంతకు ముందే దూడ పాయె. వాగొచ్చి కొట్టుకుపాయె."

09:20 – "ఆ యేడు పున్నమికి దీపాలు పెట్టనే లేదు. ఇంట్లోకి నీళ్లొచ్చె, ఒత్తులన్నీ తడిసిపాయె."

13:50 – "టీవీలో చంద్రబాబు ఏడస్తా ఉంటే మా కోడలు పిలిచింది, చూడు అత్తా అని. అప్పటికే ఇల్లంతా బురద."

21:05 – "దూడను యెతికేదానికి మా అక్క కొడుకు పోయినాడు. వాడు మర్నాడు కుప్పానికి పోవల్ల, ఓట్లకు."

26:40 – "సోమారం ఒక్కపొద్దు గుట్ట మీదనే విడిస్తిమి."

31:15 – "నీళ్లు ఇంట్లోకొచ్చిన రేత్రే గదా దూడ పాయె."

ఎందుకిలా ముందుకూ వెనక్కీ పోతారు?

అవ్వకు ఆ రోజులు తేదీల వారీగా గుర్తులేవు. ఏది పోయింది, ఎవరు పక్కనున్నారు, ఎక్కడ పడుకున్నారు అన్నదాన్ని బట్టి గుర్తున్నాయి. గుట్ట సంగతి చెప్పగానే ఇంట్లో ఎవరు మిగిలారో గుర్తొస్తుంది, దాంతో పశువులు, పశువులతో దూడ. ఆమె వరసకు ఆమె కారణం ఆమెకుంది. అందుకే చెప్పిన వరసను పారేయకూడదు. మన పట్టికలో ప్రతి సంగతికీ రెండు స్థానాలుండాలి, రికార్డింగులో ఎక్కడ వచ్చిందన్నది ఒకటి, కాలంలో ఎక్కడ జరిగిందన్నది ఇంకొకటి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు చాలామంది వింటూ వింటూనే మాటలను కాలక్రమంలోకి మార్చి రాసేస్తారు. ఆ తర్వాత 31:15 దగ్గర తేడా బయటపడితే, ఏ మాటను ఎక్కడినుంచి తెచ్చి ఎక్కడ పెట్టారో వాళ్లకే అంతుచిక్కదు.

తేదీలు ముందా, వరస ముందా?

వరసే ముందు. మొదటిసారి కాగితం ముట్టకుండా మొత్తం వినాలి. రెండోసారి వింటూ ఒక్కో సంగతినీ ఒక్కో చీటీ మీద, ఆమె మాటల్లోనే, నిమిషంతో సహా రాయాలి. "అంతకు ముందే", "చెప్పినాక", "అప్పటికే", "మర్నాడు" లాంటి ముడి మాటల కింద గీత గీయాలి. కాలం గురించి ఆమె స్వయంగా ఇచ్చిన సాక్ష్యం అవే. తర్వాత ఆ ముళ్లను మాత్రమే పట్టుకుని చీటీలు పేర్చాలి. దూడ పోవడం గుట్టకు ముందు. మైకు గుట్టకు ముందు. బురద టీవీకి ముందు. ఇల్లు బురదయిందంటే నీళ్లు అంతకు ముందే వచ్చాయి, అయితే ఇది మనం ఊహించింది, ఆమె చెప్పింది కాదు. ఆ తేడా చీటీ మీద కనబడాలి. నేనైతే ఆమె చెప్పిన ముడిని నల్ల సిరాతో, నేను ఊహించిన ముడిని పెన్సిలుతో రాస్తాను.

ఈ దశలో క్యాలెండర్ తెరవకపోవడమే మేలు. ఒక తేదీ మనసులో పడిందంటే మిగతా చీటీలన్నీ దాని చుట్టూ చేరిపోతాయి. 2021 వరద అనగానే అందరికీ గుర్తొచ్చేది నవంబర్ 18, గురువారం. ఆ రోజు తిరుపతి వీధులు ఏరులయ్యాయి, కొండకు పోయే ఘాట్ రోడ్లు మూసేశారు. దూడ కూడా ఆ రాత్రే పోయిందని రాసేయడం ఎంతో తేలిక. అవ్వ కూడా 31:15 దగ్గర ఆ మాటే అంది.

మరి క్యాలెండర్‌ను ఎక్కడ తగిలించాలి?

తేదీ తెలిసిన సంగతులు ఆమె మాటల్లో నాలుగున్నాయి. నాలుగింటి బలం ఒకటి కాదు.

చంద్రబాబు అసెంబ్లీ నుంచి బయటికొచ్చి విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నది నవంబర్ 19, శుక్రవారం. తేదీలో అనుమానం లేదు. కానీ ఆ దృశ్యాన్ని టీవీలు ఆ తర్వాత కూడా మళ్లీ మళ్లీ చూపించాయి. కోడలు పిలిచింది శనివారమో, కరెంటు వచ్చిన ఇంకో రోజో కావచ్చు. కాబట్టి ఆ మాట తేదీని చెప్పదు, "19కి ముందు కాదు" అని మాత్రమే చెబుతుంది. బయటి సంఘటనలను ఆధారంగా తీసుకున్నప్పుడల్లా అది జరిగిన రోజు వేరు, ఆమె దాన్ని చూసిన రోజు వేరు అని గుర్తుంచుకోవాలి.

పున్నమిలో ఇంకో చిక్కుంది. ఆ ఏడాది కార్తీక పౌర్ణమి తిథి 18 మధ్యాహ్నం మొదలై 19 మధ్యాహ్నం దాటేదాకా ఉంది. దీపాలు కొందరు గురువారం సాయంత్రమే పెట్టుకున్నారు, కొందరు శుక్రవారం పౌర్ణమి అనుకున్నారు. అందుకని నీళ్లు వచ్చిన చీటీ మీద "18 లేదా 19" అని రాసి ఆగాలి. పైగా పల్లెలో "గురువారం రేత్రి" అంటే తెల్లారేదాకా గురువారమే. నడిరేయి దాటాక నీళ్లొస్తే గడియారం ప్రకారం శుక్రవారం, అవ్వ లెక్కలో గురువారం. దీన్ని తప్పుగా చూడకూడదు. పట్టికలో "18 రాత్రి – 19 తెల్లవారుజాము" అని ఒకే గడిగా రాస్తే ఇద్దరి లెక్కా నిలుస్తుంది.

గుట్ట మీద సోమవారం మాత్రం గట్టి ఆధారం. అదొక్కటే చూస్తే ఆ కార్తీకంలో సోమవారాలు నాలుగున్నాయి, 8, 15, 22, 29. రాయలచెరువు కట్ట కారుతోందని, గండి పడవచ్చని కలకలం రేగింది 21, ఆదివారం. ఆమె మైకులో విన్నాకే గుట్టెక్కింది కనుక 8, 15 పోతాయి. కట్ట తెగకుండా నిలిచింది, జనం ఇళ్లకు తిరిగొచ్చారు కనుక 29 దాకా గుట్ట మీదున్నారనడానికి వీల్లేదు. మిగిలింది 22. ఉన్నవి మూడు రాత్రులు. ఎక్కింది 21న అయితే దిగింది 24న, 22న అయితే 25న. ఇంతకంటే సన్నగా చెప్పలేం, చెప్పకూడదు.

దూడ ఎందుకు కుదరదు?

కుప్పం పురపాలక ఎన్నికల పోలింగ్ నవంబర్ 15, సోమవారం. ఓట్లకు పోయే ముందు రోజు అక్క కొడుకు దూడను వెతికాడంటే, అప్పటికే దూడ పోయింది. ఇంట్లోకి నీళ్లొచ్చింది 18నో 19నో. 21:05 మాట, 31:15 మాట రెండూ నిజమయ్యే దారి లేదు.

ఇలాంటి చోట కథనం నమ్మదగ్గది కాదని పక్కన పెట్టేసేవాళ్లుంటారు. నా దృష్టిలో తొందరపాటు అది. రెండు మాటలు ఢీకొన్నప్పుడు మొదట అడగాల్సింది, ఆమె ఒకటిగా చెబుతున్నవి నిజానికి రెండు సంఘటనలా అని. వాతావరణ రికార్డు చూస్తే జవాబు దొరుకుతుంది. ఆ నవంబర్‌లో ఇక్కడికి రెండు వాయుగుండాలొచ్చాయి. ఒకటి 11, గురువారం సాయంత్రం చెన్నై దగ్గర తీరం దాటింది. రెండోది 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై మధ్య దాటింది. రెండూ కార్తీకంలోనే, రెండూ గురువారం వానలే. ఏళ్లు గడిచాక పెద్ద వాన చిన్న వానను తనలో కలిపేసుకుంటుంది.

రెండు మాటల్లో దేన్ని నమ్మాలన్నప్పుడు, ఆ మాటకు ఏమేం అతుక్కుని ఉన్నాయో చూడాలి. 21:05 దగ్గర ఒక మనిషి, అతని ప్రయాణం, దానికో కారణం ఉన్నాయి. 31:15 దగ్గర ఉన్నది "గదా" అనే సర్దుబాటు మాత్రమే. బరువు మొదటిదానికే ఎక్కువ. అయినా అంతటితో కొట్టేయకుండా రెండు చీటీలనూ ఉంచి ఆమె దగ్గరికి తిరిగి వెళ్లాలి.

ఏమని అడగాలి?

"అవ్వా, దూడ ఏ తారీఖున పోయింది?" అంటే ఆమె ఏదో ఒకటి చెబుతుంది, మనల్ని నిరాశపరచడం ఇష్టంలేక. "మొదటి వానకా, రెండో వానకా?" అన్నా మన లెక్కను ఆమె నోట్లో పెట్టినట్టే. "నీళ్లు ఇంట్లోకొచ్చిన రేత్రి ఇంట్లో ఎవరెవరుండారు అవ్వా?" అని అడగాలి. అప్పుడు ఇలా రావచ్చు: "నేను, కోడలు. మా అక్క కొడుకు యాడుండాడు, కుప్పంలోనే నిలిచిపాయె గదా. ఆవును నేనే ఇప్పి తోలితిని. ఒంటి ఆవు, దాని బిడ్డ అప్పటికే లేకపాయె." దూడ మాట మనం ఎత్తకుండానే ముడి విడిపోయింది. 31:15 మాటను మాత్రం చెరపకూడదు, పక్కన "తర్వాత సరిచేశారు" అని రాసి, ఆ రెండో రికార్డింగు నిమిషం వేయాలి.

బయటి కాగితాలు ఎంతవరకు సాయం?

వాన లెక్క చూసేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. వాతావరణ శాఖ వర్షపాతాన్ని ఉదయం 8:30కి కొలిచి, అంతకు ముందు 24 గంటల వానను కొలిచిన రోజు పేరనే రాస్తుంది. 19వ తేదీ అంకెలో ఎక్కువ భాగం 18న కురిసిందే. ఇది తెలియక అవ్వ ఒకరోజు తప్పు చెప్పిందని రాస్తే తప్పు మనదే. ఇంకొకటి, తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. 2021 కాగితాలు కావాలంటే చిత్తూరు జిల్లా పేరు మీదే వెతకాలి. ఫోన్లో ఫోటోలుంటే మంచిదే, కానీ వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మీది తేదీ తీసిన రోజుది కాకపోవచ్చు, ఫోన్లోకి చేరిన రోజుది కావచ్చు.

ఈ ప్రాంతంలో అన్నిటికంటే దగ్గరి ఆధారం పాల కేంద్రం పుస్తకం. పాడి ఉన్న ఇంటి నుంచి పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని లీటర్లు వచ్చాయో తేదీతో రాసి ఉంటుంది. అవ్వ వాళ్ల పుస్తకం దొరికి, అందులో 11 సాయంత్రం దాకా పాలు మామూలుగా ఉండి, 12 పొద్దున సగానికి పడిపోయాయనుకోండి. దూడ లేకపోతే నాటావు సరిగా చేపదు, పాలు ఎగబెడుతుంది. అయితే వానకు మేత తడిసినా పాలు తగ్గుతాయి. కాబట్టి ఆ పుస్తకం దూడ సంగతికి బలమిస్తుందే తప్ప రుజువు కాదు. 19 నుంచి గడులు ఖాళీగా ఉంటే అది నీళ్లొచ్చిన రాత్రికి ఆధారం, ఇంటివాళ్లు పోయలేకపోయినా, కేంద్రమే మూసేసినా ఖాళీయే కనుక మిగతా ఇళ్ల గడులు కూడా చూడాలి.

చివరికి దూడ వరస పట్టికలో ఇలా ఉంటుంది: "దూడ వాగులో కొట్టుకుపోవడం. నవంబర్ 11–14 మధ్య. 11 రాత్రి కావచ్చు. ఆధారం: కుప్పం పోలింగ్‌కు ముందు వెతకడం (21:05), రెండో సంభాషణ; పాల పుస్తకం (ఊహ). విరుద్ధంగా: 31:15." ఆ నిమిషాలు వరసలో ఉన్నంతకాలం, రేపు ఇంకొకరు అదే రికార్డింగు విని మన లెక్కను తిరగరాయగలుగుతారు.