ఒక్క నూనె చుక్క చేసే పని

మలేరియా అనుమానం ఉంటే ల్యాబ్‌లో రక్తపు చుక్కను స్లైడుపై పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెడతారు. ఎర్రకణంలో నక్కిన పరాన్నజీవి స్పష్టంగా కనబడాలంటే 100 రెట్ల లెన్సు కావాలి. కంటి దగ్గరి లెన్సు 10 రెట్లదైతే మొత్తం 10 × 100 = 1000 రెట్లు. సుమారు 7 మైక్రాన్ల ఎర్రకణం 7 మిల్లీమీటర్ల శనగగింజంత కనిపిస్తుందన్నమాట.

స్లైడుకు, ఈ లెన్సుకు మధ్య గాలి ఉంటే గాజులోంచి వచ్చే కాంతి వంగి పక్కకు పోతుంది, బొమ్మ మసకబారుతుంది. ఇమ్మర్షన్ ఆయిల్ కాంతిని గాజులాగే వంచుతుంది కాబట్టి, ఆ కాంతి చెదరకుండా లెన్సులోకి చేరుతుంది.

ముందు 10, తర్వాత 40 రెట్ల లెన్సుతో ఫోకస్ చేయాలి. లెన్సును సగం పక్కకు జరిపి, వెలుగు పడేచోట ఒక చుక్క నూనె వేసి, పక్కనుంచి చూస్తూ 100 లెన్సును తిప్పాలి. అప్పుడు ఎడం మిల్లీమీటరులో చిన్న వంతే. పెద్ద మర తిప్పితే స్లైడు పగలొచ్చు, లెన్సు గీసుకుపోవచ్చు. చిన్న మరే వాడాలి. ఎంతకీ బొమ్మ రాకపోతే స్లైడు తలకిందులుగా ఉందేమో చూడాలి.

నూనె ఉండగా 40 లెన్సును మళ్లీ తిప్పకండి. పనయ్యాక 100 లెన్సును లెన్స్ పేపర్‌తో అద్ది తుడవండి, రుద్దకండి.