పోయిన వంద కాపీలు ఎవరి ఖాతాలో?

బైండింగు అయిపోయిన పుస్తకాల్ని కట్టలు కట్టే ముందు ఎవరో ఒకరు కూర్చుని ఒక్కో కాపీనీ తిరగేసి చూస్తారు. బొటనవేలితో అంచు వంచి పేజీలు గబగబా జారవిడుస్తారు. ముడత పడ్డ కాగితం వేలికే తెలిసిపోతుంది. అలా చూస్తుండగా పక్కన మూడు చిన్న దొంతరలు లేస్తాయి. ఒకటి ఇక పనికిరాని కాపీలది. రెండోది కాస్త బాగుచేస్తే పార్టీకి ఇవ్వగలిగినవాటిది. మూడోది కత్తి కింద తెగిపడ్డ కాగితం ముక్కలది. మొదటిది స్పాయిలేజ్, రెండోది రీవర్క్, మూడోది స్క్రాప్, అంటే తుక్కు. చాలా ప్రెస్సుల్లో ఈ మూడింటినీ కలిపి ‘వేస్టేజీ’ అని ఒకే మాటతో సరిపెడతారు. లెక్కలో తప్పు అక్కడే మొదలవుతుంది.

ఒక పని తీసుకుని చూద్దాం. ప్రెస్సు విజయవాడలో ఉందనుకోండి. 400 పేజీల పారాయణ పుస్తకం, 2,000 కాపీలు ఆర్డరు. చేతిలో తేలిగ్గా ఉండాలని పార్టీ బాగా పల్చటి కాగితం కోరింది. పల్చటి కాగితం ఫోల్డింగులో ముడతపడుతుందని ప్రెస్సువాళ్లు ముందే చెప్పారు, పార్టీ సరేనంది. ఈ పనికి జాబ్ నంబరు 118. ఒక్కో కాపీకి కాగితం, ప్లేట్లు, అట్ట కలిపి 34 రూపాయలు, కూలి 10, ఓవర్‌హెడ్లు 16, మొత్తం 60. మెషిన్ సెట్ అయ్యేదాకా పోయే షీట్లు కాగితం ఖర్చులోనే ఉన్నాయి, వాటిని మళ్లీ లెక్కపెట్టం. కొన్ని పోతాయని తెలుసు కాబట్టి 2,100 కాపీలకు సరిపడా మొదలుపెట్టారు. జాబ్ ఖాతాలో పడ్డ ఖర్చు 1,26,000.

చివరి తనిఖీలో 100 కాపీలు పక్కకు వెళ్లాయి. ఒక్కో కాపీ 300 గ్రాములు. రద్దీ కాగితం కిలో 20 రూపాయలకు పోతుందంటే కాపీకి 6 రూపాయలు చేతికొస్తాయి. మిగతా 54 పోయినట్టే. ఇదే కాపీ ఫోల్డింగు దగ్గరే దొరికి ఉంటే బైండింగు కూలి, అట్ట మిగిలేవి. ఆలస్యంగా దొరికిన కొద్దీ నష్టం పెరుగుతుంది.

ఈ 54 రూపాయలు భరించేది ఎవరు? స్పాయిలేజ్ లెక్కంతా ఈ ఒక్క ప్రశ్నే. భరించగలవాళ్లు ముగ్గురు: ఈ ఒక్క జాబు, ప్రెస్సులో జరిగే అన్ని జాబులూ కలిసి, లేదా యజమాని లాభం. ఎవరన్నది తేలాలంటే ముందు ఒక్కో కాపీ ఎందుకు పోయిందో తెలియాలి.

తనిఖీ చీటీ ప్రకారం 30 కాపీలు మామూలు కారణాలతో పోయాయి: ఫారాలు వరస తప్పడం, జిగురు సరిగా పట్టకపోవడం. ఏ పుస్తకం చేసినా ఇవి జరిగేవే. ఈ ప్రెస్సు ప్రతి 100 మంచి కాపీలకు ఒకటిన్నర కాపీ ఇలా పోతుందని ముందే ఖాయం చేసుకుంది. 2,000కి 30, సరిగ్గా హద్దులోనే ఉంది. ఇక్కడ ఒక మెలిక చూడాలి. శాతాన్ని మంచి కాపీల మీద కట్టాలి గానీ మొదలుపెట్టిన మొత్తం మీద కాదు. మొత్తంలో అనుకోకుండా పాడైనవి కూడా ఉంటాయి. వాటి మీద శాతం కడితే ప్రమాదం ఎంత పెద్దదైతే ‘మామూలు’ హద్దు కూడా అంత పెరుగుతుంది.

ఈ 30 కాపీలు అన్ని జాబులకూ ఉమ్మడి సాధారణ స్పాయిలేజ్. చిట్టా పద్దు ఇలా పడుతుంది:

పాడైన సరుకు ఖాతా, డెబిట్ రూ. 180
ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ల ఖాతా, డెబిట్ రూ. 1,620
జాబ్ 118 ఖాతాకు, క్రెడిట్ రూ. 1,800

జాబ్ ఖాతా నుంచి మొత్తం 1,800 ఎందుకు తీసేస్తున్నాం? కాపీకి 16 రూపాయల ఓవర్‌హెడ్లు వేశాం కదా, ఆ రేటు కట్టేటప్పుడే ఏడాది పొడుగునా పోయే మామూలు కాపీల నష్టాన్ని అందులో కలిపేశారు. అంటే జాబ్ 118 తన వంతు ఇప్పటికే కట్టేసింది. ఇప్పుడు 1,620ని కూడా అందులోనే వదిలేస్తే ఒకే నష్టానికి రెండుసార్లు వసూలు చేసినట్టు. నేను చూసిన జాబ్ కార్డుల్లో ఎక్కువగా కనబడే తప్పు ఇదే. ఎవరూ మోసం చేయాలని చేసింది కాదు. రేటులో ఏమేం కలిపారో రాసి పెట్టుకోకపోవడం వల్ల వచ్చిన తప్పు. రేటులో ఈ నష్టం కలపని ప్రెస్సైతే లెక్క మారుతుంది. అక్కడ ఏ జాబులో పోయింది ఆ జాబే భరించాలి.

మరో 30 కాపీలు పోయింది పల్చటి కాగితం ముడతల వల్ల. ఇదీ సాధారణమే, ముందే ఊహించిందే. కానీ మిగతా జాబులకు దీంతో సంబంధం లేదు. దళసరి కాగితం మీద నోటు పుస్తకాలు వేయించుకున్న పార్టీ ఈ ముడతల ఖర్చు ఎందుకు మోయాలి? కాబట్టి రద్దీ విలువ ఒక్కటే జాబ్ నుంచి తీస్తాం:

పాడైన సరుకు ఖాతా, డెబిట్ రూ. 180
జాబ్ 118 ఖాతాకు, క్రెడిట్ రూ. 180

మిగిలిన 1,620 జాబ్‌లోనే ఉంటుంది. మంచి కాపీల ధర ఆ మేరకు పెరుగుతుంది. పెరగాల్సిందే, ఆ కాగితం కోరుకున్నందుకు అయిన ఖర్చు అది.

ఇక చివరి 40. బైండింగు అయిన కాపీల్ని రాత్రి గోడవారగా పేర్చారు. వాన పడి కప్పు కారింది, అడుగు వరసలు తడిసి ఉబ్బాయి. ఇది పల్చటి కాగితం తప్పు కాదు, బైండింగు పనిలో సహజంగా జరిగేదీ కాదు. కప్పు బాగుచేయించి ఉంటే ఆగేది. అసాధారణ స్పాయిలేజ్ అంటే ఇదే. ఎండబెట్టి రద్దీకి వేస్తే 240 వస్తుంది.

పాడైన సరుకు ఖాతా, డెబిట్ రూ. 240
అసాధారణ స్పాయిలేజ్ నష్టం ఖాతా, డెబిట్ రూ. 2,160
జాబ్ 118 ఖాతాకు, క్రెడిట్ రూ. 2,400

ఈ 2,160 నేరుగా లాభనష్టాల ఖాతాకు వెళుతుంది, ఏ పుస్తకం ధరలోనూ కలవదు. మన దేశంలో అకౌంటింగ్ స్టాండర్డ్ 2 కూడా ఇదే చెబుతుంది: అసాధారణంగా వృథా అయిన సరుకు, కూలి, ఇతర ఉత్పత్తి ఖర్చుల్ని నిల్వ సరుకు విలువలో చేర్చకూడదు.

ఇప్పుడు జాబ్ ఖాతా చూడండి. 1,26,000లోంచి 1,800, 180, 2,400 తీసేస్తే 1,21,620. మంచి కాపీ ఒక్కొక్కటి 60 రూపాయల 81 పైసలు పడింది. మూడింటినీ ‘వేస్టేజీ’ అని కలిపేసి రద్దీ డబ్బు 600 మాత్రమే తీసేసి ఉంటే 1,25,400 తేలేది, కాపీకి 62 రూపాయల 70 పైసలు. తేడా 3,780 రూపాయలు. అదే పార్టీ ఆరు నెలలకు రీప్రింట్ కోసం వస్తే, కారిన కప్పు ఖర్చు కూడా కలిపి కొటేషన్ వెళుతుంది. పార్టీ పక్క ప్రెస్సుకు పోతుంది. అది పోయినా, మరుసటి వానకు అదే గోడ పక్కన ఇంకో జాబు తడుస్తుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. విడిగా ఒక ఖాతాలో 2,160 అని కనబడితే యజమాని కప్పు వైపు చూస్తాడు. జాబ్‌లో కలిసిపోతే చూడడు.

కారణం మామూలుదే అయినా కాపీలు హద్దు దాటిపోతే? ఫారాలు వరస తప్పి 30కి బదులు 45 పోయాయనుకోండి. అదనంగా పోయిన 15 అసాధారణమే. హద్దు ముందే రాసుకోవడం ఇందుకే. పని అయ్యాక ఎంత పోయిందో చూసి అదే మామూలని రాసుకుంటే, ఆ ప్రెస్సులో అసాధారణం అన్నది ఎప్పటికీ జరగదు.

రెండో దొంతరకు వద్దాం. మంచివని లెక్కపెట్టిన 2,000లో 50 కాపీలకు మొదట అట్ట తలకిందులుగా అతికింది. భోజనం తర్వాత అట్టల కట్టను తిప్పి పెట్టారు, 50 అయ్యాక గానీ ఎవరూ చూడలేదు. పాత అట్ట ఊడదీసి, జిగురు గీకి, కొత్త అట్ట వేసి మళ్లీ కత్తి కింద పెట్టారు. పుస్తకం ఒకటి రెండు మిల్లీమీటర్లు చిన్నదైంది. పార్టీ ఒప్పుకుంది కాబట్టి ఇది రీవర్క్. ఒప్పుకోకపోతే ఇవీ స్పాయిలేజే అయ్యేవి. కాపీకి కొత్త అట్ట 4 రూపాయలు, కూలి 5, కూలికి 160 శాతం చొప్పున ఓవర్‌హెడ్లు 8. మొత్తం 17, యాభైకి 850.

అసాధారణ రీవర్క్ నష్టం ఖాతా, డెబిట్ రూ. 850
సరుకుల ఖాతాకు, క్రెడిట్ రూ. 200
చెల్లించవలసిన కూలి ఖాతాకు, క్రెడిట్ రూ. 250
కేటాయించిన ఓవర్‌హెడ్ల ఖాతాకు, క్రెడిట్ రూ. 400

మొదట ఆ కాపీలకు పెట్టిన 60 రూపాయల జోలికి మనం పోలేదు. అది జాబ్‌లోనే ఉంటుంది, ఎందుకంటే కాపీ చివరికి పార్టీకి చేరింది. నష్టం రెండోసారి చేసిన పనిది మాత్రమే. రోజూ అక్కడక్కడా ఒకటి రెండు అట్టలు వంకరపోవడం వేరు. ఆ రీవర్క్‌ని ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ల ఖాతాకు డెబిట్ చేస్తాం. ఈ జాబు స్వభావం వల్లే అవసరమైన రీవర్క్ అయితే జాబ్ ఖాతాకు డెబిట్. క్రెడిట్ వైపు ఏమీ మారదు.

తుక్కు సంగతి సులువు. కత్తిరింపుల్లో ఏ జాబ్ ముక్క ఏదో ఎవరూ వేరుచేయరు. అన్నీ ఒకే గోతాంలో పడతాయి, నెలాఖరున అమ్ముతారు. జీఎస్టీ పక్కనబెట్టి 6,400 వచ్చిందనుకుంటే నగదు ఖాతాకు డెబిట్, ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ల ఖాతాకు క్రెడిట్. వాడేసిన అల్యూమినియం ప్లేట్లు మాత్రం ఏ జాబ్‌వో స్పష్టంగా తెలుస్తుంది. జాబ్ ముగియకముందే అమ్మితే ఆ డబ్బు జాబ్‌కే జమ. రీప్రింట్ కోసం ఏడాది దాచి తర్వాత అమ్మితే జాబ్ ఎప్పుడో మూసేసి ఉంటుంది, అప్పుడు ఓవర్‌హెడ్లకే జమ చేయడం మేలు.

ఈ పద్దులన్నీ ఆధారపడేది తనిఖీ దగ్గర రాసే చీటీ మీదే. జాబ్ నంబరు, ఎన్ని కాపీలు, ఏ మెషిన్, ఏ షిఫ్టు, ఎందుకు పోయింది, ఎవరు చూశారు. అది ఆ రోజే రాయాలి. నెలాఖరుకు తడిసిన కాపీలు ఎండిపోయి మిగతా రద్దీలో కలిసిపోతాయి. అప్పుడు అకౌంటెంటు వచ్చి అడిగితే ‘మామూలుగా పోయేవేనండీ’ అన్న జవాబే వస్తుంది.