“ఏమీ లేదు” అనే మాట వెనుక

(పాఠశాల అసెంబ్లీలో విద్యార్థులకు చేసిన ప్రసంగం)

మిమ్మల్ని ఎండలో ఎక్కువసేపు నిలబెట్టను. ఒక్క సంగతి చెబుతాను.

పదవ తరగతి చదివే ఒక అబ్బాయి ఉన్నాడనుకుందాం. లెక్కల్లో నూటికి 28 మార్కులు వచ్చాయి. పేపరు చేతికిచ్చినప్పుడు తరగతంతా నవ్వింది. ఇంటికి వచ్చి సంచీ విసిరేశాడు, చెల్లెలి మీద కేకలు వేశాడు, అన్నం వద్దన్నాడు. “ఏమైందిరా?” అని అమ్మ అడిగితే “ఏమీ లేదు” అన్నాడు.

అమ్మకు కనిపించింది కోపం. వాడి లోపల ఉన్నది మాత్రం అవమానం. దాని అడుగున నాన్నకు ఎలా చెప్పాలోనన్న భయం. కోపమనుకున్న అమ్మ మందలిస్తుంది. భయమని తెలిస్తే దగ్గరకు తీసుకుంటుంది. అందుకే సరైన పేరు ముఖ్యం.

పేరు పెట్టడంలో మరో మేలు ఉంది. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొందరికి కోపంతో, భయంతో ఉన్న ముఖాల బొమ్మలు చూపిస్తూ వారి మెదడును స్కానింగ్ చేశారు. ఆ భావానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు, అపాయాన్ని పసిగట్టి మనల్ని కలవరపెట్టే అమిగ్డలా అనే భాగం కొంత నెమ్మదించింది. బాధ మాయం కాలేదు గాని, దాని ఉధృతి తగ్గింది.

మరి ఆ అబ్బాయి ఏమని చెప్పాలి? జరిగింది, అనిపించింది, కావలసింది – ఈ మూడే. “అమ్మా, లెక్కల్లో 28 వచ్చాయి. అందరూ నవ్వితే తలెత్తుకోలేకపోయాను. నాన్నకు చెప్పాలంటే భయంగా ఉంది, నువ్వు పక్కన ఉంటావా?”

“మీరెప్పుడూ నన్ను అర్థం చేసుకోరు” అనడం మనసు విప్పడం కాదు, నింద వేయడం. వినేవారు వెంటనే తమను సమర్థించుకుంటారు. అలాగే ఒకే స్నేహితునితో ఒకే బాధను రోజూ తిరగేస్తూ ఉంటే స్నేహం పెరుగుతుంది గాని దిగులూ పెరగవచ్చు. మాట్లాడిన తరువాత మనసు ఇంకా బరువెక్కుతున్నదంటే, “రేపు ఏమి చేద్దాం?” అనే ప్రశ్నకు రావాలి, లేదా పెద్దవారి దగ్గరకు వెళ్ళాలి.

మొదట విన్నవారు “ఇంతేనా!” అని కొట్టిపారేయవచ్చు. అక్కడితో ఆగకండి; రెండవవారికి చెప్పండి. ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతున్నా, బ్రతకాలని లేదనిపించినా, మీ స్నేహితుడు అలా అన్నా, దానిని రహస్యంగా ఉంచకండి. ఆ రోజే నమ్మకమైన పెద్దవారికి చెప్పండి. టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది.

“ఏమీ లేదు” అనడానికి ఆ అబ్బాయికి ధైర్యం అక్కరలేదు. ఆ మూడు మాటలు చెప్పడానికి కావాలి. ఈ సాయంత్రం “ఏమైంది?” అని ఇంట్లో ఎవరైనా అడిగితే, మొదటి మాటతో మొదలుపెట్టండి. సెలవు.