యాప్ తీసేసినా డబ్బులు కట్ అవుతున్నాయా? ఆ టర్మ్స్ పేజీలో చూడాల్సినవి మూడే

పోయిన నెల పేరాల నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు మగ్గం చీరల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి అమ్ముతుంటాడు. బ్యాక్‌గ్రౌండ్ తీసేసే ఒక యాప్‌లో 1 రూపాయికి ఏడు రోజుల ట్రయల్ తీసుకుని, నచ్చక రెండో రోజే అన్‌ఇన్‌స్టాల్ చేశాడట. వారం తిరక్కముందే 499 పోయాయి. "అన్నా, యాప్ తీసేశా కదా, ఇంకా ఎట్టా కట్ అవుతాయి?" అన్నాడు.

యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు ఫ్రెండ్స్. ఇది చాలామందికి తెలియదు.

ఆ యాప్ టర్మ్స్ పేజీ ఓపెన్ చేశాను. చదువుతూ కూర్చుంటే తెల్లారుతుంది. అందుకే క్రోమ్‌లో Find in page నొక్కి renew, trial, cancel అని మూడు మాటలు వెతికాను. పేజీ మొత్తంలో మనకు పనికొచ్చింది ఇంతే:

రెన్యూవల్: మనం ఆపేదాకా మూడు నెలలకోసారి 499.
ట్రయల్: ఏడు రోజులు, కానీ ముగియడానికి 24 గంటల ముందే క్యాన్సిల్ చేయాలి.
క్యాన్సిల్: డబ్బు ఏ దారిలో కట్టామో ఆ దారిలోనే.

రెండో లైన్ దగ్గరే అసలు దెబ్బ. వాడు 3వ తేదీ రాత్రి 9:40కి మొదలుపెట్టాడు. ట్రయల్ 10వ తేదీ రాత్రి 9:40కి అయిపోతుంది, కానీ గడువు 9వ తేదీ రాత్రి 9:40కే. అంటే ఏడు రోజుల పేరుతో మన చేతిలో ఉన్నవి ఆరే. ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఆటోపే డబ్బు కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. వచ్చింది కూడా. లోన్ మెసేజ్ అనుకుని వాడు చూడలేదు. చూసినా, సరిగ్గా గడువు అంచున వచ్చే మెసేజ్ అది. కాబట్టి దానికోసం ఎదురుచూడకుండా, ట్రయల్ మొదలైన రోజే ఐదో రోజుకి అలారం పెట్టుకోండి.

ఇక మూడోది. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ ఫొటో నొక్కి Payments & subscriptions, తర్వాత Subscriptions చూడమన్నాను. ఖాళీ! జీమెయిల్‌లో గూగుల్ ప్లే రసీదు కూడా లేదు. (ప్లే ద్వారా కొంటే GPA అని మొదలయ్యే ఆర్డర్ నంబర్ ఉంటుంది.) అంటే యాప్ వాడు నేరుగా యూపీఐ మ్యాండేట్ తీసుకున్నాడన్నమాట. అది యూపీఐ యాప్‌లో ప్రొఫైల్ లోపల Autopay దగ్గర దొరికింది. అక్కడ క్యాన్సిల్ చేసి పిన్ కొట్టాడు. తర్వాతి 499 ఆగింది. పోయినవి మాత్రం రాలేదు, రీఫండ్ లేదని టర్మ్స్‌లో రాసే ఉంది.

ట్రయల్‌కి పిన్ కొట్టే ముందు ఆ 1 రూపాయిని కాదు, కింద చిన్నగా ఉండే గరిష్ఠ మొత్తం, ఎన్నాళ్లకోసారి అన్నవి చూడండి. మా వాడి స్క్రీన్‌లో అవి రెండూ ఉన్నాయట, ఇప్పుడు గుర్తొచ్చిందంటున్నాడు.