పాచికలో కనిపించని ముఖం

రైల్వే, ఎస్సెస్సీ, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లకు ఈ బొమ్మ కొత్తది కాదు. ఒకే పాచికను రెండు మూడు రకాలుగా తిప్పి పక్కపక్కన గీస్తారు. ఒక్కో బొమ్మలో మూడు ముఖాలే కనిపిస్తాయి. ఫలానా అంకెకు ఎదురుగా ఉన్న అంకె ఏది అన్నది ప్రశ్న. గైడ్లలో దీనికి నాలుగైదు సూత్రాలు ఉంటాయి. పరీక్ష హాల్లో వాటిలో ఏది ఎక్కడ వాడాలో గుర్తురాదు. నిజానికి ఇక్కడ కంఠస్థం చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. పాచిక ఎలా ఉంటుందో ఒకసారి సరిగా చూస్తే సూత్రాలు వాటంతటవే పుడతాయి.

ఒక ప్రశ్న తీసుకుందాం. మొదటి బొమ్మలో పైన 4, ముందు 3, కుడి పక్కన 1 ఉన్నాయి. రెండో బొమ్మలో పైన 5, ముందు 4, కుడి పక్కన 2 ఉన్నాయి. 1కి ఎదురుగా ఉన్నది ఏది? ఆప్షన్లు 2, 3, 5, 6.

ఈ ఆప్షన్లు ఊరికే పెట్టినవి కావు. 6 అని గుర్తు పెట్టేవాళ్లు చాలామందే ఉంటారు. లూడో పాచికలో ఎదురెదురు ముఖాలు కూడితే 7 వస్తుంది కదా, 1కి ఎదురు 6 అనుకుంటారు. మరికొందరు రెండు బొమ్మల్లో కుడి పక్కన ఉన్న 1, 2 జంట అనుకుని 2 పెడతారు. 3ను మాత్రం తేలిగ్గా కొట్టేయవచ్చు. మొదటి బొమ్మలో 1, 3 పక్కపక్కనే ఉన్నాయి. ఒక మూల వైపు నుంచి చూసినప్పుడు కనిపించే మూడు ముఖాలూ ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి కాబట్టి, ఒకే బొమ్మలో కలిసి కనిపించిన రెండు ముఖాలు ఎదురెదురు అయ్యే అవకాశమే లేదు. ఈ అంశమంతటికీ పునాది ఇదే.

ముందు 7 సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు అంగట్లో దొరికే మామూలు లూడో పాచికలో 1-6, 2-5, 3-4 ఎదురెదురుగా ఉంటాయి. ఇది తయారీదార్లు పాటించే ఆనవాయితీయే తప్ప ఘనానికి సంబంధించిన నియమం కాదు. మొహెంజొదారో తవ్వకాల్లో దొరికిన ఘనాకార పాచికల్లో 1కి ఎదురుగా 2, 3కి ఎదురుగా 4, 5కి ఎదురుగా 6 వేసినవి ఉన్నాయి. ప్రశ్నపత్రం తయారుచేసేవారికీ ఆ స్వేచ్ఛ ఉంది. మన ప్రశ్నలోని పాచిక 7 ఆనవాయితీని పాటించడం లేదని బొమ్మే చెబుతోంది. మొదటి బొమ్మలో 4, 3 పక్కపక్కన ఉన్నాయి. వాటి మొత్తం 7. అవి పక్కపక్కన ఉన్నాయంటే ఎదురెదురుగా లేవు. రెండో బొమ్మలో 5, 2 కూడా అంతే. ఏ బొమ్మలోనైనా ఇలా కూడితే 7 వచ్చే రెండు అంకెలు కలిసి కనిపిస్తే లూడో లెక్కను పక్కన పెట్టేయాలి. ఒకే ఒక్క బొమ్మ ఇచ్చి, ప్రామాణిక పాచిక అని కూడా చెప్పకుండా, ఎదురు ముఖం అడిగే ప్రశ్నలు కొన్ని గైడ్లలో కనిపిస్తాయి. వాటికి 7 లెక్కతో జవాబు రాయక తప్పదు కానీ, నా దృష్టిలో అది తర్కం కాదు, ఊహ.

ఇక అసలు లెక్క. రెండు బొమ్మల్లోనూ ఉన్న అంకె 4 ఒక్కటే. మొదటి దాంట్లో దానితో 3, 1 ఉన్నాయి. రెండో దాంట్లో 5, 2 ఉన్నాయి. అంటే 4కు ఆనుకుని 1, 2, 3, 5 ఉన్నట్టు తేలిపోయింది. ఏ ముఖానికైనా ఆనుకుని ఉండేవి నాలుగే. మిగిలింది 6 ఒక్కటే కనుక అదే 4కు ఎదురు. ఏ బొమ్మలోనూ కనబడని 6 ముందుగా దొరికిపోయింది. 1కి ఎదురు 6 అనే ఆప్షన్ దీంతో కొట్టుకుపోయింది.

ఇప్పుడు పాచికను ఒక గదిలా ఊహించండి. 4 కప్పు, 6 నేల. మిగతా నాలుగూ చుట్టూ ఉన్న గోడలు. ఎదురెదురు గోడలు ఏవో తేలాలంటే గోడలు ఏ వరుసలో ఉన్నాయో తెలియాలి. 1, 3 పక్కపక్క గోడలు. 5, 2 కూడా పక్కపక్క గోడలే. కాబట్టి 1కి ఎదురుగా 5 ఉండవచ్చు, 2 ఉండవచ్చు. చాలామంది తడబడేది ఈ మలుపు దగ్గరే. ఇక్కడి నుంచి ఏ ముఖం ఏ ముఖం పక్కన ఉందో తెలిస్తే చాలదు, అవి తిరిగే దిశ కూడా కావాలి.

దిశ కనిపెట్టడం సులువే. ఈ బొమ్మల్లో పై ముఖం, కుడి ముఖం, ముందు ముఖం ఒక మూల దగ్గర కలుస్తాయి. ఆ మూల చుట్టూ గడియారం ముల్లు తిరిగే వైపు, అంటే సవ్యదిశలో వెళితే పైనుంచి కుడికి, కుడి నుంచి ముందుకు, ముందు నుంచి మళ్లీ పైకి వస్తాం. ప్రతి బొమ్మలోనూ ఉమ్మడి అంకె దగ్గర మొదలుపెట్టి ఈ దిశలోనే చదవాలి. మొదటి బొమ్మలో 4 పైన ఉంది. అక్కడి నుంచి కుడికి 1, తరవాత ముందుకు 3. వరుస 4, 1, 3. రెండో బొమ్మలో 4 ముందు ఉంది. అక్కడి నుంచి పైకి 5, తరవాత కుడికి 2. వరుస 4, 5, 2. ఒకదాని కింద ఒకటి రాసుకుంటే 4 కింద 4, 1 కింద 5, 3 కింద 2 వస్తాయి. 1కి ఎదురు 5, 3కి ఎదురు 2. జవాబు 5.

గైడ్లు ఇంతవరకు చెప్పి ఆపేస్తాయి. ఎందుకలా అవుతుందో తెలిస్తే మాత్రం ఇది మరిచిపోలేరు. కప్పును, అంటే 4ను, గది బయట నుంచి, పైనుంచి చూస్తున్నామనుకోండి. చుట్టూ ఉన్న గోడలను సవ్యదిశలో చదివితే 1 తరవాత 3 వస్తుందని మొదటి బొమ్మ చెప్పింది. ఆ తరవాత రావాల్సినవి వరుసగా 1కి ఎదురు గోడ, 3కి ఎదురు గోడ. గదికి నాలుగే గోడలు కనుక వేరే దారి లేదు. రెండో బొమ్మలో 1, 3 లేవు కాబట్టి అందులో ఉన్నవి ఆ మిగిలిన రెండు గోడలే. సవ్యదిశలో వాటిలో ముందు వచ్చేది 1కి ఎదురుది, వెనక వచ్చేది 3కి ఎదురుది. రెండో బొమ్మ ఆ వరుసను 5, 2 అంటోంది. పాచికను ఎటు తిప్పినా, 4 పైకి వచ్చినా ముందుకు వచ్చినా, దాని చుట్టూ ఉన్న వరుస మారదు. ఒక బొమ్మను సవ్యదిశలో, రెండోదాన్ని అపసవ్యదిశలో చదివితే జంటలు తారుమారై 1కి ఎదురు 2 అని వస్తుంది. ప్రశ్న తయారుచేసినవారు ఆ తప్పునూ ఊహించి 2ను ఆప్షన్‌గా పెట్టారు. రెండు బొమ్మలనూ అపసవ్యదిశలో చదివితే మాత్రం నష్టం లేదు. కావాల్సింది ఒకే దిశ.

అదే పాచికకు మూడో బొమ్మ కూడా ఇచ్చారనుకుందాం. పైన 4, ముందు 1, కుడి పక్కన 2. మొదటి బొమ్మతో పోలిస్తే ఇందులో 4, 1 రెండూ ఉమ్మడిగా ఉన్నాయి. ఇలా రెండు అంకెలు కలిస్తే దిశతో పనే లేదు, మిగిలిన 3, 2 ఎదురెదురు. 4, 1 కలిసే అంచుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొసన 3 ఉంది, ఇంకో కొసన 2 ఉంది. అందుకే చేతిలో మూడు బొమ్మలు ఉంటే రెండు అంకెలు కలిసే జతను ముందు వెతకండి. అది రెండు క్షణాల్లో అయిపోతుంది. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే రైల్వే పరీక్షలో దిశ పొరపాటుకు తావులేని దారి ఉంటే దాన్ని వదులుకోకూడదు.

ఈ జతతో ఇంకో ఉపయోగం ఉంది. మొదటి బొమ్మలో సవ్యదిశలో 4 తరవాత 1 వచ్చింది. మూడో బొమ్మలో 4 తరవాత 2, ఆ తరవాత 1, మళ్లీ 4. అంటే ఇక్కడ 1 తరవాత 4 వచ్చింది. ఒకే అంచును రెండు కొసల నుంచి చూసినప్పుడు ఇలా వరుస తిరగబడి తీరాలి. తిరగబడకపోతే ఆ రెండు బొమ్మలూ ఒకే పాచికవి కావు, ప్రశ్నే తప్పు. కొన్ని గైడ్లలో ఇలాంటి అసాధ్యమైన బొమ్మలు కనిపిస్తాయి. వాటితో కుస్తీ పడుతూ గంట పోగొట్టుకునేముందు ఈ పరీక్ష పెట్టి చూడటం మేలు.

ఎదురెదురు జంటలన్నీ తెలిసినంత మాత్రాన పాచిక పూర్తిగా తెలిసినట్టు కాదు. మన పాచికలో జంటలు 1-5, 2-3, 4-6. ఇప్పుడు పైన 4, ముందు 1, కుడి పక్కన 3 ఉన్న బొమ్మ ఇచ్చి, ఇది అదే పాచిక అవునా కాదా అంటారు. ఎదురెదురు అంకెలేవీ కలిసి కనబడటం లేదు కాబట్టి అవుననిపిస్తుంది. కానీ సవ్యదిశలో చదివితే 4, 3, 1 వస్తోంది. మొదటి బొమ్మలో వచ్చింది 4, 1, 3. ఇది అద్దంలో కనిపించే పాచిక, చేతిలో ఉన్నది కాదు. ఆరు అంకెలను మూడు జంటలుగా విడదీయడానికి 15 దారులు ఉన్నాయి. ఒక్కో దారికి అసలుదీ, అద్దంలోదీ అని రెండేసి పాచికలు. మొత్తం 30 రకాల పాచికలు. లూడో లెక్క పాటించే వాటిలోనూ రెండు రకాలు ఉన్నాయి. 1, 2, 3 కలిసే మూలను చూస్తే పాశ్చాత్య దేశాల పాచికల్లో ఆ వరుస సాధారణంగా అపసవ్యదిశలో ఉంటుంది, చైనా పాచికల్లో సవ్యదిశలో ఉంటుంది. మీ ఇంట్లో లూడో పెట్టె ఉంటే మీ పాచిక ఏ రకమో చూడండి.

ఈ పద్ధతులన్నీ ఆరు ముఖాల మీదా ఆరు వేరువేరు గుర్తులు ఉంటేనే పనిచేస్తాయి. రంగులు, చుక్కలు, బొమ్మలు వేసిన ఘనాల్లో ఒకే గుర్తు రెండు ముఖాల మీద ఉండవచ్చు. అప్పుడు రెండు బొమ్మల్లో కనిపించిన ఎరుపు ఒకే ముఖమో రెండు వేరు ముఖాలో తెలియదు, ఉమ్మడి ముఖం అనే మాటకే అర్థం ఉండదు. అందుకే బొమ్మలన్నిటిలో కలిపి వేరువేరు గుర్తులు ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టండి. ఆరు లేదా అయిదు ఉంటే పైన చెప్పినట్టు చేయండి. నాలుగే ఉంటే, గుర్తులు మళ్లీ మళ్లీ రావని ప్రశ్నలో రాసి ఉందేమో చూడండి. అలా లేకపోతే ఆ ప్రశ్నను చివరికి ఉంచుకోండి.